మూడు వాయిదాల ఫీజు ఉత్తరం: ఒక కేసు

విదేశీ చదువుకు వెళ్ళే పిల్లల డబ్బు కాగితాలు సరిచూసి, సర్దిపెట్టడం నా పని. అడ్మిషన్లు, కోర్సుల ఎంపిక నేను చూడను. ఈ కేసు 2025 సెప్టెంబర్ ఇన్‌టేక్‌ది. ఇంగ్లండ్‌లో, లండన్ బయట ఉన్న ఒక యూనివర్సిటీలో ఒక ఏడాది ఎమ్మెస్సీ. ఫీజు 21,600 పౌండ్లు. అందులో 4,000 డిపాజిట్‌గా జూన్‌లోనే కట్టేశారు. మిగతాది వాయిదాల్లో కడతామంటూ అమ్మాయే ఒక ఉత్తరం రాసి పంపింది. దానికి వచ్చిన జవాబు పట్టుకుని తండ్రీ కూతుళ్ళు జులై రెండో వారంలో నా దగ్గరికి వచ్చారు.

జవాబు నాలుగు లైన్లే. "మీరు ఇంతకుముందు ఇచ్చిన ఆర్థిక పత్రాలకూ, ఈ ఉత్తరంలో చెప్పినదానికీ పొంతన లేదు. వివరణ అందేవరకు క్యాస్ జారీని నిలిపి ఉంచుతున్నాం." క్యాస్ అంటే స్టూడెంట్ వీసాకు అప్లై చేయడానికి యూనివర్సిటీ ఇచ్చే నంబరు. అది లేకపోతే వీసా ఫారమే నింపలేం.

"వాయిదాలు అడగడం తప్పా మేడమ్?" అన్నాడు తండ్రి.

తప్పు కాదు. ఆ యూనివర్సిటీకి వాయిదాల పద్ధతి ముందే ఉంది: ఎన్‌రోల్‌మెంట్ రోజుకు సగం, జనవరి 30కి సగం. డిపాజిట్‌ను మొదటి సగంలోనే లెక్కేస్తారు. అమ్మాయి ఆ పద్ధతి చూసుకోకుండా ఆరు నెలసరి వాయిదాలు అడిగింది. అంతవరకైతే కుదరదని చెప్పి వదిలేసేవారు. గొడవంతా కారణం దగ్గర వచ్చింది. ఉత్తరంలో ఇలా ఉంది: "మాది మధ్యతరగతి కుటుంబం. నాన్నగారి జీతం మీదే ఇల్లు నడుస్తుంది. మా స్థలం అమ్మకానికి పెట్టాం. అమ్ముడుపోగానే మిగతా ఫీజు కట్టేస్తాం. దయచేసి నా పరిస్థితిని అర్థం చేసుకోండి."

మనవాళ్ళు ఎవరు చదివినా ఇందులో నిజాయితీ కనిపిస్తుంది. యూనివర్సిటీలో చదివే మనిషికి మాత్రం ఒక్కటే కనిపిస్తుంది: ఈ విద్యార్థి దగ్గర డబ్బు లేదు. అదే అమ్మాయి నెల క్రితం క్యాస్ కోసం బ్యాంకు లోన్ శాంక్షన్ లెటర్, తండ్రి ఎఫ్‌డీ రసీదు పంపింది. అంటే అప్పుడు డబ్బు ఉందని చెప్పింది, ఇప్పుడు లేదంటోంది. యూనివర్సిటీలు దీన్ని ఊరికే వదలవు. తాము క్యాస్ ఇచ్చినవాళ్ళలో వీసా తిరస్కరణలు పది శాతం లోపే ఉండాలని అప్పటి నిబంధన. ఆ గీత దాటితే విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే లైసెన్సుకే ముప్పు. అందుకే ఫీజు ఉత్తరం ఫైనాన్స్ ఆఫీసుకు రాసినా, వీసా నిబంధనలు చూసే కంప్లయన్స్ వాళ్ళ బల్ల మీదికి కూడా వెళ్తుంది. అక్కడ జాలికి చోటు లేదు.

నేను మొదట అడిగింది స్థలం గురించే. "బేరం కుదిరిందాండీ?" లేదట. అడ్వాన్స్ కూడా రాలేదు. ఫీజు కట్టడానికి ఆ స్థలం అవసరమా అని లెక్క వేస్తే, అవసరమే లేదని తేలింది! ఎందుకు రాశావమ్మా అంటే, "ఏదో ఒక బలమైన కారణం ఉండాలి కదా మేడమ్" అంది.

ఇక అసలు లెక్క. బ్యాంకు 25 లక్షల విద్యా రుణం శాంక్షన్ చేసింది. తండ్రి పేరు మీద 9 లక్షల ఎఫ్‌డీ 2025 జనవరి నుంచి ఉంది, 2026 జనవరి 12న మెచ్యూర్ అవుతుంది. మొత్తం 34 లక్షలు. పౌండుకు 118 రూపాయల చొప్పున వేసుకున్నాం. మిగిలిన ఫీజు 17,600 పౌండ్లు. లండన్ బయట ఖర్చులకు అప్పుడు నెలకు 1,136 చొప్పున తొమ్మిది నెలలకు 10,224 చూపించాలి. రెండూ కలిపితే 27,824 పౌండ్లు, అంటే 33 లక్షలకు కొంచెం లోపు. కాబట్టి డబ్బు ఉంది. లేనిది సరైన తేదీకి చేతికి రావడమే.

ఆ తేదీల చిక్కు ఇది. ఎన్‌రోల్‌మెంట్ సెప్టెంబర్ 22. ఆ రోజుకు సగం ఫీజు, అంటే డిపాజిట్ పోను ఇంకో 6,800 పౌండ్లు కట్టాలి. బ్యాంకేమో వీసా కాపీ చేతికిచ్చాకే రుణం విడుదల చేస్తుంది, అదీ విద్యార్థి ఖాతాకు కాదు, ఇన్‌వాయిస్ చూసి నేరుగా యూనివర్సిటీకి. వీసా అందాక తమకు పది పని దినాలు కావాలని మేనేజర్ చెప్పాడు. మేం వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చాం. ఇంటి తనఖా రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. అది ఆగస్టు రెండో వారానికి అవుతుంది. వీసా అప్లికేషన్ ఆగస్టు మూడు, నాలుగు వారాల్లో. విదేశం నుంచి పెట్టిన అప్లికేషన్‌కు మామూలుగా మూడు వారాలు. అంటే సెప్టెంబర్ రెండో వారం. దాని మీద పది పని దినాలు వేస్తే నెలాఖరు. ఎన్‌రోల్‌మెంట్ దాటిపోతుంది. ఒక వారం తేడా, అంతే. దానికోసం ఆరు వాయిదాలు, అమ్ముడుపోని స్థలం!

ఎఫ్‌డీ విరగ్గొట్టి ముందే కట్టేయొచ్చుగా అని ఎవరైనా అడుగుతారు. నేనూ అడిగాను. వడ్డీ నష్టం పెద్దదేమీ కాదు. కానీ వీసా కోసం చూపిస్తున్న డబ్బులో ఎఫ్‌డీ భాగం. తండ్రి ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉన్నట్టు చూపించాలి, ఆ 28వ రోజుకూ అప్లికేషన్‌కూ మధ్య 31 రోజులు దాటకూడదు. ఈ సమయంలో దాన్ని కదిపి, ఫీజుగా పంపి, మళ్ళీ కొత్త రసీదు, కొత్త లెక్కలు మొదలుపెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. వీసా ముందు డబ్బును ఎంత తక్కువ కదిపితే అంత మంచిది.

అప్పుడు యూనివర్సిటీకి ఏం అడగాలో తేలిపోయింది. ఎక్కువ వాయిదాలు కాదు, ఒక తేదీ జరపమని. దానికి బదులుగా మనం ఏం ఇవ్వగలం? ఇక్కడే నాకు ఒక దారి దొరికింది. బ్యాంకు ఎలాగూ రుణం నుంచి ఫీజు భాగాన్ని ఒకేసారి పంపుతుంది. సగం ఫీజు, 10,800 పౌండ్లు, అక్టోబర్‌లోనే వెళ్ళిపోతుంది. అంటే ఎన్‌రోల్‌మెంట్ రోజుకు వాళ్ళకు తక్కువ అందినా, అక్టోబర్ మధ్యకు వాళ్ళ పద్ధతి ప్రకారం రావాల్సినదానికంటే ఎక్కువే అందుతుంది. దీనివల్ల అమ్మాయికి కొంత ఖర్చు ఉంది. జనవరిలో తీసుకోదగ్గ రుణం కొంత అక్టోబర్‌లోనే తీసుకుంటున్నాం కాబట్టి, ఆ ఎక్కువగా వెళ్ళే 4,000 పౌండ్లు, అంటే నాలుగు లక్షల డెబ్బై వేల మీద మూడున్నర నెలల వడ్డీ పడుతుంది. పది శాతం అనుకుంటే సుమారు పద్నాలుగు వేలు. తండ్రికి ఆ అంకె చెప్పాకే ముందుకు వెళ్ళాను. కాసేపు ఆలోచించి, "సీటు ఆగిపోవడం కంటే నయం కదండీ" అన్నాడు.

ఉత్తరం జులై 21న ఇంగ్లీషులో వెళ్ళింది. దాని తెలుగు ఇది:

"విషయం: ట్యూషన్ ఫీజు మొదటి వాయిదా తేదీ మార్పుకు అభ్యర్థన, నిధుల వివరణ.

జులై 9న నేను పంపిన ఉత్తరాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అందులో చెప్పిన స్థలం అమ్మకం నా ఫీజుకు ఆధారం కాదు. దాన్ని ప్రస్తావించడం నా పొరపాటు. నా నిధులు మీకు మొదట పంపిన పత్రాల్లో ఉన్నవే, వాటిలో మార్పు లేదు.

నా ఫీజు 21,600 పౌండ్లు. 4,000 చెల్లించాను, రసీదు జతచేశాను. మిగిలిన 17,600 రెండు చోట్ల నుంచి వస్తుంది. 10,800 నా పేరు మీద మంజూరైన విద్యా రుణం నుంచి. బ్యాంకు దీన్ని నా వీసా వచ్చిన పది పని దినాల్లో నేరుగా మీ ఖాతాకు పంపుతుంది. మిగతా 6,800 మా నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి. అది 2026 జనవరి 12న మెచ్యూర్ అవుతుంది.

మీ నియమం ప్రకారం ఎన్‌రోల్‌మెంట్ నాటికి సగం ఫీజు చెల్లించాలి. రుణం వీసా తర్వాతే విడుదలవుతుంది కాబట్టి ఆ తేదీకి అది మీకు చేరకపోవచ్చు. అందువల్ల చెల్లించిన డిపాజిట్‌తో ఎన్‌రోల్ కావడానికి అనుమతించి, 10,800 పౌండ్లను అక్టోబర్ 10 నాటికి, మిగిలిన 6,800ను మీ మామూలు తేదీ జనవరి 30 నాటికి స్వీకరించమని కోరుతున్నాను.

బ్యాంకు శాంక్షన్ లెటర్ జతచేశాను. అందులో ఉన్న తనఖా రిజిస్ట్రేషన్ ఆగస్టులో పూర్తవుతుంది. పూర్తయ్యాక బ్యాంకు ఇచ్చే తుది లేఖను వెంటనే పంపుతాను. ఏ కారణం చేతనైనా రుణం ఆలస్యమైతే, నాన్నగారి డిపాజిట్‌ను గడువుకు ముందే తీసి కట్టే వీలుంది. అందుకు బ్యాంకు ఇచ్చిన లేఖ కూడా జతచేశాను."

మొదటి పేరా రాయడానికి అమ్మాయి ఒప్పుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. పాత ఉత్తరం ఊసెత్తకుండా కొత్తది పంపేస్తే సరిపోతుందనుకుంది. సరిపోదు. రెండూ ఒకే ఫైల్లో కూర్చుంటాయి. తనఖా సంగతి దాచొద్దని కూడా పట్టుబట్టాను, ఎందుకంటే శాంక్షన్ లెటర్ చదివితే అది ఎలాగూ కనిపిస్తుంది. చివరి వాక్యం మాత్రం నాకు ఇష్టమైనది. ఒక దారి మూసుకుపోతే ఏం చేస్తారన్నది అవతలివాళ్ళు అడగకముందే అందులో ఉంది.

జులై 30న జవాబు వచ్చింది. అడిగినదంతా ఇవ్వలేదు. ఎన్‌రోల్ కావాలంటే కనీసం ఫీజులో నాలుగో వంతు, అంటే 5,400 కట్టి ఉండాలి, అది తగ్గించలేమన్నారు. అంటే సెప్టెంబర్ 22కి ఇంకో 1,400. ఆ తర్వాత అక్టోబర్ 10కి 10,800, జనవరి 30కి 5,400. క్యాస్ మాత్రం బ్యాంకు తుది లేఖ అందాకే. మాకు సమ్మతమే. 1,400 పౌండ్లంటే లక్షా అరవై ఐదు వేలు, తండ్రి సేవింగ్స్‌లో ఉంది.

ఆ మెయిల్ చూడగానే తండ్రి అన్న మాట నేను దాదాపు ప్రతి కేసులోనూ వింటాను: "అయితే వీసాకు కూడా ఇక నాలుగో వంతు చూపిస్తే చాలన్నమాట!"

కాదు. వాయిదాల ఒప్పందం యూనివర్సిటీకీ విద్యార్థికీ మధ్య. వీసా ఆఫీసర్‌కు దానితో పని లేదు. క్యాస్ మీద మొదటి ఏడాది ఫీజు ఎంత ఉంది, అందులో కట్టింది ఎంత, మిగిలిందెంత, అంతే చూస్తాడు. మిగిలిందంతా, దాంతోపాటు ఖర్చుల డబ్బు, అప్లికేషన్ పెట్టేనాటికే ఉండాలి. జనవరిలో కట్టబోయే 5,400 కూడా ఆగస్టులోనే చూపించాలి. వాయిదా దొరికింది కదా అని తక్కువ చూపించి వీసా పోగొట్టుకున్న కాగితాలు నా దగ్గరికి వచ్చాయి, బాగుచేయడానికి అప్పటికి ఏమీ మిగల్లేదు.

కాబట్టి మాకు చూపించాల్సింది మారలేదు: 27,824 పౌండ్లు. మన 34 లక్షలు 118 లెక్కన 28,800కు కొంచెం పైన. తేడా వెయ్యి పౌండ్లలోపే. రూపాయల్ని పౌండ్లలోకి మార్చడానికి వీసా ఆఫీసు ఓండా వెబ్‌సైట్ రేటు తీసుకుంటుంది, మన బ్యాంకు రేటు కాదు. పౌండు 122 దాటితే మేం గీత కిందికి వస్తాం. అంతవరకు భయం లేదు, అయినా అప్లై చేసే రోజు పొద్దున్నే రేటు చూసి పెట్టాం.

లోన్ లెటర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. బ్యాంకు మొదట ఇచ్చిన శాంక్షన్ లెటర్‌లో "తనఖా పూర్తయ్యాక విడుదల చేయబడును" అని ఉంది. వీసా నియమం ప్రకారం రుణం విడుదలకు వీసా రావడం తప్ప ఇంకే షరతూ ఉండకూడదు. బ్యాంకు దృష్టిలో అది మామూలు వాక్యమే, వీసా ఆఫీసర్‌కు మాత్రం తిరస్కరణకు కారణం. తనఖా ఆగస్టు 12న పూర్తయింది. ఆ తర్వాత వేరే లేఖ అడిగాం: విద్యార్థి పేరు, తేదీ, మొత్తం, అది చదువు కోసమేనని, వీసా రాగానే విడుదల చేస్తామని. మేనేజర్ మొదట తమ పాత ఫార్మాట్‌లోనే మళ్ళీ ఇవ్వబోయాడు. నియమం ఉన్న పేజీ ప్రింటు తీసి చూపించాక సరిగ్గా టైపు చేయించాడు. 18న చేతికొచ్చింది. ఎఫ్‌డీ తండ్రి పేరు మీద ఉంది కాబట్టి అమ్మాయి బర్త్ సర్టిఫికెట్, ఈ డబ్బు కూతురి చదువుకు వాడటానికి సమ్మతమేనని తండ్రి రాసిన లేఖ జతచేశాం. క్యాస్ 20న, అప్లికేషన్ 22న. వీసా సెప్టెంబర్ 11న వచ్చింది.

ఇంతా చేసి, చివరికి పద్దెనిమిది పౌండ్ల దగ్గర చిక్కుకున్నాం. 1,400ను తండ్రి ఖాతా నుంచి పంపారు. ఫారంలో ఛార్జీలు ఎవరు భరిస్తారన్న గడిలో "పంచుకుంటాం" అన్నదానికి టిక్ పెట్టారు, అలవాటుగా. దారిలో ఉన్న మధ్య బ్యాంకు తన రుసుం కోసుకుంది. యూనివర్సిటీకి 1,382 చేరింది. పోర్టల్‌లో ఎర్ర అక్షరాల్లో 18 పౌండ్ల బకాయి. దానికి మనిషి దయ ఉండదు, నాలుగో వంతు నిండలేదు కాబట్టి ఎన్‌రోల్‌మెంట్ బటన్ తెరుచుకోలేదు. అమ్మాయి అప్పటికే అక్కడ దిగింది. రాత్రి పన్నెండింటికి ఫోన్, ఒకటే టెన్షన్. కార్డుతో 18 పౌండ్లు కట్టించాం, మర్నాటికి తెరుచుకుంది. బ్యాంకు రుణం పంపేటప్పుడు మాత్రం ఛార్జీలన్నీ పంపేవాళ్ళవే అన్న గడికి టిక్ పెట్టించి, విద్యార్థి నంబరు రెఫరెన్స్‌లో పడిందో లేదో పంపకముందే కాపీ తెప్పించుకుని చూశాను. 10,800 పౌండ్లు పూర్తిగా సెప్టెంబర్ 29న చేరాయి, గడువుకు పదకొండు రోజుల ముందు.

జనవరి వాయిదాకు ముందే ఒక సంగతి తండ్రికి చెప్పి ఉంచాను. విదేశాలకు సొంత డబ్బు పంపేటప్పుడు, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి పేరున 10 లక్షలు దాటితే, దాటినంతవరకు బ్యాంకు టీసీఎస్ అనే పన్ను ముందుగానే పట్టుకుంటుంది. 2025-26లో చదువుకు అది 5 శాతం. బ్యాంకు విద్యా రుణానికి ఇది వర్తించదు. తండ్రి పాన్ మీద జూన్‌లో కట్టిన 4,000 డిపాజిట్, 1,400, ఇప్పుడీ 5,400 కలిస్తే పన్నెండున్నర లక్షలు దాటుతుంది. పైన ఉన్న రెండున్నర లక్షల చిల్లర మీద పదమూడు వేల పైచిలుకు పోతుంది. అది నష్టం కాదు, రిటర్న్‌లో తిరిగి సర్దుబాటు అవుతుంది. కానీ ఆ రోజు ఖాతాలో ఆ మొత్తం కూడా ఉండాలి, లేకపోతే డబ్బు కదలదు.

రేటు సంగతీ అంతే. 5,400 పౌండ్లకు ఒక్కో రూపాయి పెరిగితే 5,400 రూపాయలు అదనం. జనవరికి పౌండు మేం లెక్క వేసుకున్న 118 దగ్గర లేదు, పైకి పోయింది. ఎఫ్‌డీ మీద వచ్చిన ఏడాది వడ్డీ అటు ఆ తేడాకూ ఇటు టీసీఎస్‌కూ సరిపోయింది. 12న ఎఫ్‌డీ మెచ్యూర్ అయింది, 19న డబ్బు పంపారు. 22న అమ్మాయి పోర్టల్ స్క్రీన్‌షాట్ పంపింది. బకాయి సున్నా. కింద ఒక లైను: "స్థలం ఇంకా అమ్ముడుపోలేదు మేడమ్."